తాతమ్మ ఫోటో మీది మడత గీత తీయడానికి పట్టిన పన్నెండు వారాలు: నా అనుభవం

2025 కనుమ నాడు, జనవరి 15న, తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ళింట్లో అటక మీది ట్రంకు పెట్టె దింపాం. అందులో పాత పద్దుల పుస్తకం ఒకటి ఉంది. దాని మధ్యలో సగానికి మడిచి పెట్టిన ఫోటో కనబడింది. ఆత్రం కొద్దీ వెంటనే విప్పాను. చిన్నగా చిటుక్కుమని చప్పుడైంది, నా ఒళ్ళోకి తెల్లటి పొట్టు లాంటిది రాలింది. ఆ రాలింది ఏమిటో అప్పటికి నాకు తెలియదు. అది ఫోటో మీది జిలేటిన్ పొర. బొమ్మ ఉండేదే ఆ పొరలో. మడిచి ఉన్న పాత ఫోటో దొరికితే అలాగే ఉంచి, ఎంత విచ్చుకుంటే అంతే విచ్చుకోనివ్వండి. నేను ఒక్క సెకనులో పోగొట్టినదాన్ని మళ్ళీ కూర్చడానికి వారాలు పట్టింది.

ఫోటోలో ఉన్నది అమ్మమ్మ వాళ్ళమ్మ, అంటే మా తాతమ్మ. వెనకాల సిరాతో 1952 అని రాసి ఉంది. నలుపు తెలుపు ఫోటో, దాదాపు 12 సెంటీమీటర్ల వెడల్పు, పదహారున్నర పొడవు. స్టూడియోలో బొమ్మలు వేసిన తెర ముందు కుర్చీలో కూర్చుని ఉంది. మడత సరిగ్గా అడ్డంగా కాకుండా కాస్త వాలుగా పడింది. ఎడమ అంచున తెర దగ్గర మొదలై, గడ్డం మీదుగా, మెడలోని గుండ్ల పేరును కోసుకుంటూ, భుజం మీది జరీ అంచును దాటి కుడి అంచు దాకా పోయింది. ఎవరో ఎప్పుడో వెనకాల మడత పొడుగునా సెల్లోటేపు అంటించారు. దాని జిగురు కాగితంలోంచి ముందు వైపుకి పసుపుపచ్చగా ఊరింది.

అమ్మమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అంది, "మా అమ్మ ఫోటో ఇదొక్కటేనే. నాకు పెళ్ళయ్యేటప్పటికే పోయింది. ఈ గీత పోయేట్టు చేయిస్తావా తల్లీ?" చేయిస్తానన్నాను.

హైదరాబాద్ వచ్చాక జనవరి 20న మా ఇంటి దగ్గరి ఒక స్టూడియోలో ఇచ్చాను. ఆరు వందలు, ఐదు రోజులు అన్నారు. 25న ప్రింటు, ఫైలు చేతికొచ్చాయి. గీత లేదు, నిజమే. కానీ గడ్డం నున్నగా మైనం పూసినట్టుంది. గుండ్ల పేరులో మధ్య భాగం ఒక తెల్ల చారలా కలిసిపోయింది. జరీ అంచులో గళ్ళు మడత దగ్గర ఆగిపోయి, అర సెంటీమీటరు మసకలోంచి మళ్ళీ మొదలయ్యాయి. ఆ ఫైలు అమ్మమ్మకి వాట్సాప్‌లో పంపితే, మామయ్య ఫోన్ ఆమె చేతికిచ్చి చూపించాడు. "గడ్డం మీద పచ్చబొట్టు ఏమైందే? ఇది మా అమ్మలా లేదు" అంది. ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు పనిమీద మనసు నిలవలేదు. అసలు ఫోటోను భూతద్దం పెట్టి చూశాను. గడ్డం కింద, సరిగ్గా మడత పక్కన, మిల్లీమీటరు వెడల్పున నల్లటి చుక్క ఉంది. స్టూడియోవాళ్ళు మరకనుకుని తుడిచేశారు.

అప్పుడే నేనే చేద్దామని నిర్ణయించుకున్నాను. ఆఫీసులో డిజైన్ పని చేస్తాను కాబట్టి ఫోటో ఎడిటింగ్ చేతకాని పనేం కాదు. కానీ పాత ప్రింటుతో ఎప్పుడూ పనిచేయలేదు.

మొదటి ఆటంకం స్కానింగ్ దగ్గరే వచ్చింది. జనవరి 27న జిరాక్స్ షాపులో ఆల్-ఇన్-వన్ ప్రింటర్ మీద స్కాన్ చేయించాను. ఇరవై రూపాయలు. ఇంటికొచ్చి చూస్తే మిగతా ఫోటో అంతా బాగానే ఉంది, మడత దగ్గర మాత్రం మసక. ఫోటో మడత దగ్గర గాజుకు ఆనకుండా పైకి లేచి ఉంది. అలాంటి ప్రింటర్లలో ఉండే సన్నటి సెన్సార్‌కి గాజుకు ఆనుకున్నది మాత్రమే స్పష్టంగా కనబడుతుంది, ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి లేచినా మసకే. పైగా ఆ షాపులో 300 డీపీఐలో జేపెగ్‌గా ఇచ్చారు, దానికదే పదును పెంచే సెట్టింగ్ కూడా ఆన్‌లో ఉంది. మడత అంచున లేని నల్లగీత ఒకటి కొత్తగా పుట్టుకొచ్చింది.

మా ఆఫీసులో ఒకాయన ఫిల్ములు స్కాన్ చేసే పాత రకం పెద్ద స్కానర్ ఇంట్లో పెట్టుకున్నాడని తెలిసింది. లోపల అద్దాలు, లెన్సు ఉండే రకం. దానికి కాస్త లోతు కూడా స్పష్టంగా అందుతుంది. ఆయన ఫిబ్రవరి 15 శనివారం రమ్మన్నారు. ఈలోపు ఫోటోను రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకాలు పేర్చి పన్నెండు రోజులు ఉంచాను. వంపు కొంచెం తగ్గింది కానీ మడత గట్టు పోలేదు. మా పిన్ని తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేయమంది. చేయలేదు. జిలేటిన్ తడి తగిలితే ఉబ్బుతుంది, వేడి తగిలితే దేనికైనా అతుక్కుంటుంది. సెల్లోటేపు పీకే ప్రయత్నం కూడా చేయలేదు, దాంతోపాటు కాగితం పొర లేచి వస్తుందని భయం.

ఆ శనివారం నేను నేర్చుకున్నది మిగతా పనినంతా మార్చేసింది. ఫోటోను మామూలుగా నిలువుగా పెట్టి స్కాన్ చేస్తే మడత గీత లావుగా, పక్కన నీడతో వచ్చింది. ఆ స్కానర్ ఆయన ఫోటోను 90 డిగ్రీలు తిప్పి పెట్టమన్నారు. గీత సగం మాయమైంది! ఎందుకంటే స్కానర్‌లో దీపం ఒక పక్క నుంచే వెలుగు కొడుతూ ముందుకు కదులుతుంది. మడత దీపానికి సమాంతరంగా ఉంటే, చేనుగట్టు మీద సాయంకాలం ఎండ పడ్డట్టు ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ పడతాయి. మడత దీపం కదిలే దిక్కునే ఉంటే రెండు పక్కలా వెలుగు దాదాపు సమానంగా పడుతుంది. మన ఫోటోల్లో మడత ఎక్కువగా అడ్డంగానే ఉంటుంది, మనం ఫోటోను నిలువుగానే పెడతాం. అంటే తెలియకుండానే అన్నిటికన్నా చెడ్డ దిశలో స్కాన్ చేస్తున్నామన్న మాట.

90 డిగ్రీల్లో ఒకటి, మళ్ళీ దానికి ఎదురుగా 270 డిగ్రీల్లో ఒకటి స్కాన్ చేశాం. 1200 డీపీఐ, 16 బిట్, టిఫ్. ఆటో లెవెల్స్, పదును, దుమ్ము తొలగింపు అన్నీ ఆపేశాం. నలుపు తెలుపు ఫోటోయే అయినా కలర్‌లోనే తీయమన్నారాయన. ఎందుకో అప్పుడర్థం కాలేదు, ఇంటికొచ్చాక అర్థమైంది. ఒక్కో ఫైలు పావు జీబీ దాటింది. రెండు స్కాన్లకి, ముందు గాజు తుడవడానికి, బ్లోయర్‌తో దుమ్ము ఊదడానికి కలిపి గంటన్నర పట్టింది. డబ్బులు తీసుకోలేదు. నేను ఒక కిలో సున్నుండలు పట్టుకెళ్ళాను.

ఫిబ్రవరి 17 నుంచి రోజూ రాత్రి తొమ్మిదిన్నర తర్వాత కూర్చునేదాన్ని. నేను వాడింది గింప్ అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, డబ్బు కట్టనక్కర్లేదు. మొదటి రాత్రి చేసింది ఒక్కటే పని, మూడు రంగుల చానళ్ళను విడివిడిగా చూడటం. నీలం చానల్‌లో టేపు మరక నల్లగా, భయంకరంగా ఉంది. ఎరుపు చానల్‌లో దాదాపు లేనే లేదు. పసుపు రంగు నీలం వెలుగును మింగేస్తుంది, ఎరుపును తిప్పి పంపేస్తుంది కాబట్టి అంత తేడా. Extract Component తో ఎరుపు ఒక్కటే తీసుకున్నాను. టేపు మరక కోసం నేను వారం రోజులు అనుకున్నాను. పది నిమిషాల్లో అయిపోయింది. గ్రేస్కేల్‌లో స్కాన్ చేసి ఉంటే ఈ దారి మూసుకుపోయేది.

తర్వాత రెండు స్కాన్లను ఒకదాని మీద ఒకటి పెట్టాను. పై లేయర్‌ను Difference మోడ్‌లో పెడితే, రెండూ సరిగ్గా కలిసిన చోట నల్లగా కనబడుతుంది. జరిపి, కొద్దిగా తిప్పి, మడత చుట్టుపక్కల నల్లబడేదాకా సరిచేశాను. మూలల్లో మూడు నాలుగు పిక్సెళ్ళ తేడా మిగిలింది. స్కానర్ బండి అన్ని చోట్లా ఒకే వేగంతో కదలదు మరి. అందుకే రెండింటినీ ఫోటో మొత్తం కలపలేదు. కలిపితే మూలల్లో ఉన్న సన్నటి వివరం కరిగిపోతుంది. మోడ్‌ను మళ్ళీ Normal చేసి, పై లేయర్‌ను 50 శాతం చేసి, మాస్క్ వేసి, మడతకు ఇటూ అటూ మూడు మిల్లీమీటర్ల పట్టీలో మాత్రమే కనబడనిచ్చాను. మిగతా అంతా ఒకే స్కాన్. మడత మీద మిగిలిన నీడ ఒక స్కాన్‌లో పైన, ఇంకో స్కాన్‌లో కింద పడింది కాబట్టి, సగటు తీస్తే చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి.

ఇక్కడే పచ్చబొట్టు సంగతి కూడా తేలింది. అమ్మమ్మ చెప్పింది కాబట్టి నమ్మాను, కానీ ఆ చుక్క పక్కనే ఇంకో రెండు చిన్న చుక్కలున్నాయి. వాటిలో ఏది తాతమ్మది, ఏది దుమ్ముది? రెండు స్కాన్లను ఒకటి తర్వాత ఒకటి ఆన్, ఆఫ్ చేస్తూ చూశాను. ఆ చిన్న చుక్కల పక్కన సన్నటి నీడ ఒక స్కాన్‌లో ఒక వైపు, రెండో స్కాన్‌లో ఎదురు వైపు దూకుతోంది. అంటే అవి ఫోటో పైన కూర్చున్న మట్టి. పెద్ద చుక్కకు నీడే లేదు, రెండింటిలోనూ ఒకేలా ఉంది. ఇంకా దగ్గరికి జూమ్ చేస్తే, ఆ చుక్క నలుపులో కూడా ఫోటోలో అంతటా సన్నటి ఇసుక రేణువుల్లా కనబడే గ్రెయిన్ ఉంది. మట్టి చుక్కల్లో గ్రెయిన్ లేదు, ఉత్త నలుపు. అది చూసినప్పుడు నాకు గుండె ఝల్లుమంది. డెబ్బై ఏళ్ళ కిందటి పచ్చబొట్టు నా స్క్రీన్ మీద ఉంది.

ఇక అసలు గీత. మొదటి వారం మొత్తం నేను తప్పు దారిలోనే పోయాను. గీత అంటే ఒకటే వస్తువు అనుకుని, దాని వెడల్పంతా బ్రష్‌తో పూడ్చడం మొదలుపెట్టాను. రెండు రాత్రులు తెర భాగం చేసి చూస్తే, స్టూడియోవాళ్ళు చేసినట్టే ఉంది. అప్పుడు ఆగి, గీతను 400 శాతం జూమ్‌లో ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా చూసుకుంటూ పోయాను. అది రెండు వేరు వేరు వస్తువులు. నడిమధ్యన ఎనిమిది పది పిక్సెళ్ళ తెల్లటి పగులు ఉంది. అసలు ఫోటో మీద అది 0.2 మిల్లీమీటర్లు. అక్కడ పొర రాలిపోయి కాగితం నార బయటపడింది, అక్కడ బొమ్మ లేదు. దాని రెండు వైపులా మిల్లీమీటరున్నర చొప్పున, అంటే దాదాపు 70 పిక్సెళ్ళ చొప్పున మసక పట్టీ ఉంది. అక్కడ బొమ్మ ఉంది! జరీ గళ్ళు, గుండ్లు, చర్మం మీది గీతలు అన్నీ ఉన్నాయి, కాకపోతే కాస్త పాలిపోయి ఉన్నాయి. కంటికి గీత లావుగా కనబడటానికి కారణం ఆ పట్టీ. మనం పది పిక్సెళ్ళ కోసం నూట యాభై పిక్సెళ్ళను తుడిచేస్తున్నాం. వివరం పోయేది అక్కడే.

కాబట్టి పట్టీని పూడ్చకూడదు, దాని వెలుగు మాత్రమే సరిచేయాలి. ముందు Wavelet-decompose ప్రయత్నించాను. అది ఫోటోను సన్నటి వివరం, ముతక వెలుగునీడలు అని పొరలు పొరలుగా విడదీస్తుంది. ముతక పొరలో మాత్రం సరిచేస్తే సన్నటి వివరం చెక్కు చెదరదని దాని లెక్క. మామూలుగా అది ఐదు పొరలు ఇస్తుంది, 1200 డీపీఐలో నా పట్టీకి అవి చాలలేదు, ఏడు పెట్టాల్సి వచ్చింది. నా ల్యాప్‌టాప్‌లో ఎనిమిది జీబీ ర్యామే, రెండుసార్లు ఆగిపోయింది, ఒక సాయంత్రం పని పోయింది. తెర మీదా, బుగ్గ మీదా అది బాగానే పనిచేసింది. కానీ జరీ అంచు దగ్గర తెల్లటి జరీ, ముదురు చీర పక్కపక్కన ఉండటంతో, ముతక పొరలో ఆ రెండూ కలగలిసిపోయి ఉన్నాయి. అక్కడ ముట్టుకోగానే అంచు చుట్టూ వెలుగు మబ్బులా వచ్చింది. నాలుగు రోజుల తర్వాత వదిలేశాను.

చివరికి పనిచేసింది చాలా పాత పద్ధతి. కొత్త లేయర్ ఒకటి తీసుకుని #808080 అనే మధ్యస్థ బూడిద రంగు నింపి, మోడ్ Soft light చేశాను. ఆ బూడిద రంగు కంటికి కనబడదు. దాని మీద నల్ల బ్రష్‌తో రుద్దితే కింది ఫోటో ముదురుతుంది, తెల్ల బ్రష్‌తో రుద్దితే తేలికవుతుంది. కింది పిక్సెల్ ఏదీ చెరిగిపోదు. బ్రష్ ఒపాసిటీ ఐదు శాతం దాటనివ్వలేదు. పాలిపోయిన చోట ఒక్కసారి నల్లగా పూసి, దూరం నుంచి చూసి, మళ్ళీ పూయడం. ముగ్గు వేసేటప్పుడు పిండి కొంచెం కొంచెం వదిలినట్టు. 12.5 సెంటీమీటర్ల గీత పొడుగునా ఈ పని ఎనిమిది రాత్రులు పట్టింది. కానీ ఎనిమిదో రాత్రి చూస్తే, గీత స్థానంలో సన్నటి తెల్ల దారం ఒక్కటే మిగిలింది. అప్పటిదాకా ఉన్న టెన్షన్ అంతా ఆ రాత్రి దిగిపోయింది.

ఆ తెల్ల దారానికి, ఒక చోటి బొమ్మను తెచ్చి ఇంకో చోట అద్దే Clone వాడాను, వేరే ఖాళీ లేయర్ మీద, Sample merged ఆన్ చేసి. ఇక్కడ నాకు తెలియక దెబ్బతిన్న విషయం బ్రష్ అంచు. మెత్తటి అంచున్న బ్రష్ అయితే అతుకు కనబడదనుకున్నాను. తీరా చూస్తే మెత్తటి అంచు దగ్గర రెండు గ్రెయిన్లు సగం సగం కలిసి నున్నబడిపోతాయి. అలా పది పదిహేను సార్లు అద్దితే గీత పొడుగునా నున్నటి చార తయారవుతుంది. 12 పిక్సెళ్ళ బ్రష్, హార్డ్‌నెస్ 75కు పైన, ఒపాసిటీ 100 పెట్టి ఒక్క అద్దుతో వదిలేశాక గ్రెయిన్ నిలిచింది. Heal కూడా వాడాను, కానీ తెర లాంటి ఖాళీ చోట్లలోనే, ఒక నకలు లేయర్ మీద. ముదురు, తెలుపు కలిసే అంచు దగ్గర అది పక్కనున్న నలుపును ఈడ్చుకొచ్చి మసి పూస్తుంది.

జరీ అంచులో ఎక్కడి నుంచి తెచ్చి ఎక్కడ పెడుతున్నామన్నదే ముఖ్యం. గీతకు పై నుంచో కింది నుంచో కాకుండా, జరీ దారం ఎటు పోతోందో ఆ దారం వెంబడే పక్క గడి నుంచి తెచ్చి పెట్టాలి. ఒక్కో దారానికి ఒక్కోసారి మూలం మార్చుకున్నాను. ఆ రెండు సెంటీమీటర్ల అంచుకే ఐదు రాత్రులు పట్టాయి.

గుండ్ల పేరు ఇంకా కష్టం. మడత నాలుగు గుండ్ల మీదుగా పోయింది. ఎడమ వైపు చక్కగా ఉన్న గుండును అద్దంలో బొమ్మలా తిప్పి కుడి వైపు పెట్టాను. సరిపోయిందనుకుని పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే ఏదో తేడాగా ఉంది, ఏమిటో అర్థం కాలేదు. కాసేపటికి తట్టింది. స్టూడియో దీపం ఎడమ నుంచి పడింది, అన్ని గుండ్ల మీదా మెరుపు ఎడమ పక్కనే ఉంది. నేను తిప్పి పెట్టిన వాటికి కుడి పక్కన మెరుస్తోంది. అవన్నీ తీసేసి, తిప్పకుండా పక్క గుండు నుంచే తెచ్చి పెట్టాను.

గడ్డం ఆఖరికి ఉంచుకున్నాను. పచ్చబొట్టు దాదాపు 45 పిక్సెళ్ళ వెడల్పు, అందులో పగులు తిన్నది పై అంచున ఎనిమిది పిక్సెళ్ళే. కింది భాగం గుండ్రం స్పష్టంగా ఉంది కాబట్టి పైన దానికి తగ్గట్టు మూసుకున్నాను. ఆ పని నిజానికి ఇరవై నిమిషాలది. నాకు మాత్రం ఒక ఆదివారం మధ్యాహ్నమంతా పట్టింది, చెయ్యి ఆడలేదు.

మార్చి 20కి పూర్తయిందనిపించింది. 22న ఒక ల్యాబ్‌లో మ్యాట్ కాగితం మీద 8×10 ప్రింటుకిచ్చాను, 450 రూపాయలు. 25న చేతికొచ్చింది. కవర్లోంచి తీసి చూడగానే గీత ఉంది! పలుచగా, తెర మీద, ఒక చివర నుంచి గడ్డం దాకా. నెల రోజుల పని కదా, కళ్ళనీళ్ళు వచ్చాయి. దగ్గరగా పెట్టి చూస్తే గీత లేదు, చేయి చాచి పట్టుకుంటే ఉంది. నేను నెలంతా 200, 400 శాతం జూమ్‌లోనే ఉన్నాను. ఆ జూమ్‌లో పట్టీకీ పక్కకీ ఉన్న ఒకటి రెండు శాతం వెలుగు తేడా కంటికి అందదు. ఫోటో చిన్నదిగా, మొత్తంగా కనబడినప్పుడే ఆ తేడా ఒక గీతలా కూడుకుంటుంది. ఫైలును స్క్రీన్ మీద అగ్గిపెట్టెంత చిన్నగా చేసి చూస్తే, అదే గీత అదే చోట! పైన తాత్కాలికంగా బాగా నిటారైన Curves పెట్టి, వెలుగు తేడాలు పెంచి చూస్తే ఇంకా స్పష్టంగా దొరికింది. బూడిద రంగు లేయర్‌లోనే ఈసారి పెద్ద బ్రష్, రెండు శాతం ఒపాసిటీతో రెండు రాత్రులు సరిచేశాను. 28న రెండో ప్రింటు, ఇంకో 450.

మార్చి 30, ఉగాది. ఫ్రేము కట్టించలేదు, ముందు అమ్మమ్మ చూడాలనుకున్నాను. పచ్చడి తిన్నాక కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. ప్రింటు ఇచ్చాను. మొదట వేలు గడ్డం మీదికి పోయింది. "ఉంది" అంది, అంతే. కాసేపటికి నా దగ్గరున్న భూతద్దం అడిగి తీసుకుని మెడ దగ్గర చూడసాగింది.

"నడిమి గుండు పెద్దది కదటే, నువ్వు అన్నీ ఒకటే సైజు చేశావు" అంది. "ఆ గుండును పట్టుకుని లాగితే చెయ్యి మీద కొట్టేది మా అమ్మ."

నాకు వెంటనే నమ్మాలో వద్దో తెలియలేదు. ఫోటోలో లేనిదాన్ని జ్ఞాపకం మీద ఆధారపడి గీయడం నాకు ఇష్టం లేదు, మడత సరిగ్గా ఆ గుండు నడుం మీదే పోయింది మరి. ఆ రాత్రే ల్యాప్‌టాప్ తెరిచి, నేను అద్దిన లేయర్ ఆపేసి అసలు స్కాన్ చూశాను. పగులు కింద గుండు అడుగు వంపు మిగిలి ఉంది. పక్క గుండ్ల అడుగు వంపుతో పోల్చాను. అవి 38 పిక్సెళ్ళ వెడల్పు గుండ్లు, ఈ వంపును గుండ్రంగా పూర్తి చేస్తే 50 దాటింది. ఆధారం నా కళ్ళ ముందే ఉంది, నేను పక్క గుండును అద్ది దాన్ని కప్పేశాను. అద్దినదంతా వేరే లేయర్‌లో ఉంది కాబట్టి ఆ ఒక్క గుండు మేరకు చెరిపి, మిగిలిన వంపుకు సరిపడేలా మళ్ళీ కట్టాను. పావుగంట పట్టింది.

మూడో ప్రింటు ఏప్రిల్ 8న వచ్చింది. స్టూడియో, మూడు ప్రింట్లు, బ్లోయర్, భూతద్దం అన్నీ కలిపి మొత్తం 2,600 రూపాయల దాకా అయింది. రాత్రులు లెక్కపెట్టలేదు, ముప్పైకి తక్కువ ఉండవు. అసలు ఫోటోను మామయ్య లామినేషన్ చేయిద్దామన్నాడు. వద్దని బతిమాలి, మందపాటి అట్ట మీద చదునుగా ఉంచి, కాగితం కవర్లో పెట్టి బీరువాలో దాచాం. విప్పిన రోజు నా ఒళ్ళో రాలిన పొట్టును కూడా అమ్మమ్మ ఆ రోజే చిన్న పొట్లం కట్టి ఉంచిందట. అదీ ఆ కవర్లోనే పెట్టింది.